ఆపా తెప్పించిన బ్యాలెన్స్ షీటు

మా ఆపా కర్నూలులో ముప్పై రెండేళ్లు లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ పొందారు. చేతికందిన పదిహేను లక్షలే ఆమె శేష జీవితానికి ఆధారం. ఆ సొమ్మును ఒక బంగారం వ్యాపార సంస్థలో పెట్టమని సలహా ఇచ్చినవాళ్లం మేమే. లక్షకు నెలకు మూడు వేల 'హలాల్ లాభం' ఇస్తామని దాని కరపత్రం చెప్పింది. మేము అప్పటికే రెండు లక్షలు పెట్టి, నాలుగు నెలలుగా ఆరేసి వేలు అందుకుంటున్నాము.

"వ్యాపారంలో లాభం ప్రతి నెలా ఒకేలా ఎలా వస్తుంది?" అన్నది ఆపా మొదటి ప్రశ్న. ముదారబా ఒప్పందంలో నిజంగా వచ్చిన లాభంలో ఎవరి వంతు ఎంతో నిర్ణయించుకుంటారు. వ్యాపారం దెబ్బతింటే పెట్టుబడి నష్టం సొమ్ము పెట్టినవారిదే. పెట్టిన సొమ్ముపై ఇంత శాతమని ముందే ఖాయం చేస్తే, పేరు లాభమైనా అది వడ్డీయే.

తరువాత ఆమె కరపత్రం అడుగున చిన్నగా అచ్చైన 21 అక్షరాల, అంకెల కంపెనీ గుర్తింపు సంఖ్యను మాకు చదివి చూపించారు. మొదటి అక్షరం U అంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదు కాని కంపెనీ. మధ్యనున్న 2017 అది ఏర్పడిన సంవత్సరం. PTC అంటే ప్రైవేటు కంపెనీ. కరపత్రమేమో ఇరవై ఏళ్ల అనుభవమని చెబుతున్నది! పైగా ప్రైవేటు కంపెనీ సాధారణ ప్రజల నుండి డిపాజిట్లు సేకరించడానికి చట్టం అనుమతించదు. "రిజిస్టరైన కంపెనీ" అని ఏజెంటు గర్వంగా చెప్పిన మాట నిజమే. కాని రిజిస్ట్రేషన్ వేరు, సొమ్ము వసూలు చేసే అనుమతి వేరు.

mca.gov.in లో వంద రూపాయల రుసుము చెల్లించి ఆపా ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు తెరిచారు. బ్యాలెన్స్ షీటు రెండేళ్ల నాటిది; ఆ తరువాతిది దాఖలు కాలేదు. ఆ ఏడాది నికర లాభం నాలుగు లక్షలు. ఏజెంటు చెప్పినట్లు అయిదు వందల మంది సభ్యులు తలా ఒక లక్ష పెట్టినా, ఏడాదికి వారికి చెల్లించవలసినది ఒక కోటి ఎనభై లక్షలు.

"మరి మీకొచ్చిన ఇరవై నాలుగు వేలు ఎవరివి?" అని ఆపా అడిగారు. మేము తలలు వంచుకున్నాము. అది కొత్తగా చేరినవారి సొమ్ము కావచ్చునన్న ఆలోచన మాకు అంతవరకు రానేలేదు.

"లెక్కలు సరిగా ఉంటే పెట్టేదానివా, ఆపా?" అని అడిగితే, "అవి కంపెనీ తానే రాసి ఇచ్చిన లెక్కలు. వాటిలో తప్పు కనిపిస్తే ఆగిపోవాలి. కనిపించకపోతే ఇంకా విచారించాలి" అన్నారు.

ఆపా సొమ్ము భద్రంగా ఉన్నది. మేము అసలు తిరిగి ఇమ్మని అడిగిన నెల నుండి మాకు వాయిదాలే మిగిలాయి. రెండు లక్షలలో యాభై వేలు వచ్చాయి. మిగిలినవి నేటికీ రాలేదు.