డబ్బాకి పది రూపాయలు

కూకట్‌పల్లిలో మా ఇంటి నుంచి రోజూ 45 లంచ్ డబ్బాలు వెళ్తాయి. నెలకి 25 రోజులు, డబ్బా 80 రూపాయలు. 2022 జనవరిలో మొదలుపెట్టినప్పటి రేటు అది. 2024 అక్టోబర్ వచ్చినా అదే రేటు. అడిగితే మనుషులు పోతారేమోనని భయం, అంతే.

ముందు చేసిన వెధవ పని చెప్పేస్తా. రేటు పెంచడానికి నోరు రాక కూర కప్పు మార్చాను. చూడ్డానికి అదే కప్పు, పట్టేది మాత్రం కాస్త తక్కువ. మూడో రోజే ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది: "అక్కా, ఈ మధ్య కూర అన్నానికి చాలట్లేదు, నాకేనా?" రెండేళ్లుగా తింటున్న పిల్ల. ఆ రాత్రే పాత కప్పులు మళ్లీ కడిగి పెట్టుకున్నా.

సరే, చెప్పేద్దాం అనుకుని మెసేజ్ రాశా. "నూనె ధరలు విపరీతంగా పెరిగినందువల్ల..." కారణం సిద్ధంగా ఉంది మరి. 2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. మా కొట్లో లీటరుకి పాతిక రూపాయలు పెరిగింది. టీవీలో అందరూ చూశారు కాబట్టి నన్నెవరూ ప్రశ్నించరు.

పంపే ముందు ఎందుకో లెక్క వేశా. రోజుకి నాకు పట్టేది లీటరున్నర నూనె. 45 డబ్బాల మీద పంచితే ఒక్కోదానికి 33 మిల్లీలీటర్లు. పాతిక రూపాయల పెరుగుదలని దానితో గుణిస్తే డబ్బాకి దాదాపు 80 పైసలే చూడండి! 80 పైసల్ని చూపించి పది రూపాయలు అడగబోతున్నా. మా కస్టమర్లలో సగం మంది ఆఫీసుల్లో ఎక్సెల్ షీట్లతో బతికేవాళ్లే.

అసలు కారణాలు వేరే ఉన్నాయి. వంటలో సాయం చేసే ఆమెకి జీతం రెండు వేలు పెంచాను, అది డబ్బాకి దాదాపు రూపాయి ఎనభై పైసలు. డబ్బాలు ఇచ్చొచ్చే అబ్బాయికి ఒక్కోదానికి రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నా. బియ్యానికి రూపాయిన్నర, కూరగాయలు పప్పులకి రెండు. అన్నీ కలిపితే ఎనిమిది. మిగతా రెండు రూపాయలు నాకు. రెండేళ్లుగా నా చేతికొచ్చేది తగ్గుతూ వచ్చింది, ఆ గుంట పూడ్చుకోవాలి. ఈ ముక్క రాయాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నా. రాశాను.

అక్టోబర్ 15న పెట్టిన మెసేజ్ ఇది: "నవంబర్ 1 నుంచి డబ్బా 90 రూపాయలు. పెరిగిన పదిలో నూనె 80 పైసలే. వంట సాయం, డెలివరీ, బియ్యం, కూరగాయలకి ఏడు దాకా పోతుంది. దాదాపు రెండు రూపాయలు నా కోసం. కప్పులు మారవు, శుక్రవారం స్వీటు ఆగదు. ముందే డబ్బు కట్టినవాళ్లకి ఆ గడువు అయ్యేదాకా పాత రేటే. మానేయాలనుకుంటే నెలాఖరులోగా చెప్పండి, ఏమీ అనుకోను."

"మీ అభిమానమే మా బలం" లాంటివి తీసేశా. డబ్బులడిగే చోట అవి చదివితే నాకే ఒళ్లు మండుతుంది. గ్రూపులో పెట్టకముందే, మొదటి నుంచీ ఉన్న ఆరుగురికి ఫోన్ చేసి చెప్పా. వాళ్లు గ్రూపులో చూసి తెలుసుకోవడం బాగుండదు.

ముగ్గురు మానేశారు. ఒక స్టూడెంట్ మాత్రం "అక్కా, నా ఒక్కడికి పాత రేటుకే ఇవ్వవా?" అన్నాడు. మనసు లాగింది. కానీ వాడి హాస్టల్‌కే ఇంకో ఐదు డబ్బాలు వెళ్తాయి, సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకని పెరుగు లేకుండా 84కి ఇస్తానన్నా, ఎవరడిగినా అదే రేటు. ఒప్పుకున్నాడు. ఇంకో ఇద్దరూ అదే తీసుకున్నారు.

తర్వాత 2025 మే చివర్లో కేంద్రం ఆ సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించింది. వారం తిరక్కుండా మా పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, ఫోన్ చేశారు.

"ఏమ్మా, నూనె తగ్గిందట కదా?"

"అవునండీ. మన లెక్క ప్రకారం మీకు నలభై పైసలు తగ్గించాలేమో."

ఆయన గట్టిగా నవ్వి, "అవి ఉంచుకుని రేపు ఆవకాయ కాస్త ఎక్కువ వెయ్యి" అన్నారు. వేశాను.