కూలింది, కూల్చారు, అమ్మేశారు

ఫొటో పక్కన గోడకి అంటించే ఆ చిన్న అట్టముక్కని గ్యాలరీవాళ్లు లేబుల్ అంటారు, ప్రింటింగ్ షాపులో సన్‌బోర్డ్ అంటారు. చూడ్డానికొచ్చినవాళ్లు దానికి పేరేమీ పెట్టరు గానీ చాలామంది ఫొటో కంటే ముందు దాన్నే చదువుతారు. చదివి, తలెత్తి ఫొటో చూసి, మళ్లీ ఒకసారి లేబుల్ చూసి పక్కకి జరుగుతారు. అంటే ఆ ఫొటోలో ఏం చూడాలో సగం మనమే నిర్ణయిస్తున్నాం. ఆ సంగతి తెలిశాక ఒక్కో క్రియాపదం దగ్గర గంటసేపు కూర్చోవాల్సి వస్తుంది.

హైదరాబాద్‌లో ఇప్పుడు లేని కట్టడాల ఫొటోలు ఇరవైనాలుగు. వాటి పక్కన పెట్టే రాత నా పని. ఇంగ్లిషులో ఒక్కోదానికి అరవై మాటలు దాటొద్దన్నారు. తెలుగులో అదే సంగతి నలభై మాటల్లో అయిపోతుంది, కానీ గోడ మీద తెలుగే ఎక్కువ చోటు తింటుంది. మన మాటలు పొడుగు, పైగా కింద వత్తులకీ పైన గుడులకీ వరసల మధ్య జాగా వదలాలి. ఇంగ్లిషు సైజులోనే తెలుగు పెడితే వత్తులు కింది వరస నెత్తిన కూర్చుంటాయి. డిజైనర్ రెండు భాషలకీ ఒకటే పెట్టె గీసి పంపిస్తే ముందు దాని మీద పోట్లాడాలి. తర్వాత ప్రూఫులో ‘ప్యాలెస్’ విడిపోయి ‘ప్‌యాలెస్’ అయి వస్తే, సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగు ఆన్ చెయ్యలేదన్నమాట. ఇంకో పోట్లాట. ఇవన్నీ తేలిగ్గా తీరేవే.

తీరనిది క్రియ.

సైఫాబాద్ ప్యాలెస్ ఫొటో ఉంది. పాత సెక్రటేరియట్ ఆవరణలో జి బ్లాక్ అనీ, సర్వహిత అనీ పిలిచేవారు. 1888 నాటిది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది. ఒకప్పుడు ముఖ్యమంత్రుల ఆఫీసులు అందులోనే ఉండేవి. 2020 జూలైలో మిగతా బ్లాకులతో పాటు అదీ పోయింది. మొదటి డ్రాఫ్టులో నేను అందరూ రాసేదే రాశాను: ‘1888లో నిర్మించబడింది. 2020లో కూల్చివేయబడింది.’ వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. పైకి చదివి చూడండి, ఎవరైనా అలా మాట్లాడతారా? ‘బడు’ వచ్చిందంటే కర్త తప్పుకుంటాడు. గవర్నమెంటు నోటీసుకి అది సౌకర్యమే. గోడ మీద మాత్రం భవనం తనంతట తనే పుట్టి తనంతట తనే పోయినట్టుంటుంది.

‘కూల్చారు’ అంటే? తెలుగులో ఇదొక తమాషా. ‘కరెంటు తీశారు’, ‘రోడ్డు తవ్వారు’, ‘రేటు పెంచారు’. ఎవరు అని చెప్పం, అవతలివాళ్లు అడగరు. కర్త లేకపోయినా ఎవరో మనుషులు చేశారన్న స్పృహ అందులో ఉంది. ‘కూల్చబడింది’లో ఆ మనుషులు కూడా లేరు. కాబట్టి ‘కూల్చారు’ నయం. కానీ ఎవరు కూల్చారో అందరికీ తెలిసిన చోట కూడా ‘ఎవరో’ అని ఊరుకోవడం ఎందుకని నేను ‘రాష్ట్ర ప్రభుత్వం కూల్చింది’ అని రాసి పంపాను.

హాలు చూసే ఆయన ఫోన్ చేశారు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. ‘అమ్మా, ఆ మాట కాస్త ఘాటుగా లేదూ? తొలగించారు అంటే పోలా?’ అన్నారు. ఫ్లెక్సీలు తొలగిస్తారు సార్, ఆక్రమణలు తొలగిస్తారు, అన్నాను. తొలగించడం అంటే అది అక్కడ ఉండకూడనిదని ముందే ఒప్పేసుకున్నట్టు. ఆయన కాసేపు ఆగి, ‘మరి మాకు రేపు ఏదన్నా వస్తే?’ అన్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. హాలు ఆయనది, ఫొటోలు దింపమంటే దింపాల్సిందాయనే.

అలాంటప్పుడు మాట మెత్తబరిస్తే లాభం లేదు, తేదీలు పెంచాలి. జూన్ 29న హైకోర్టు పిటిషన్లు కొట్టేసింది. జూలై 7న కూల్చడం మొదలైంది. 10న కోర్టు ఆపమంది, 17న మళ్లీ వదిలింది. చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేశారు. ఇదంతా పేపర్లలో వచ్చిందే, ఎవరూ కాదనలేనిదే. చివరికి గోడెక్కిన రాత ఇది:

‘సైఫాబాద్ ప్యాలెస్, 1888. ఆరో నిజాం కాలంలో కట్టారు. తర్వాత సెక్రటేరియట్‌లో జి బ్లాక్ అయింది. పై అంతస్తు కమాన్ల కింద ఏసీ పెట్టెలు చూడండి. హైకోర్టు పిటిషన్లు కొట్టేశాక, కొత్త సెక్రటేరియట్ కోసం రాష్ట్ర ప్రభుత్వం 2020 జూలైలో కూల్చింది. ఫొటో అంతకు ముందటిది.’

కోర్టు మాట చేరాక ‘ప్రభుత్వం కూల్చింది’ ఆయనకి ఘాటుగా అనిపించలేదు. నాకూ నష్టం లేదు, ఎందుకంటే కోర్టు కాదనలేదన్నది కూడా ఆ భవనం కథలో భాగమే.

ఇందులో ఉడుము లేదు, గమనించారా? నిజాం ప్యాలెస్ చూడ్డానికి వస్తుంటే దారిలో ఉడుము ఎదురైందనీ, అపశకునమని తాళం వేయించాడనీ ఒక కథ. హైదరాబాద్ గురించి రాసేవాళ్లెవరూ దాన్ని వదలరు. ఫొటోగ్రాఫర్ కూడా పెట్టమనే అడిగాడు. కథ బాగుంటుంది, అదే దాంతో ఇబ్బంది. నలభై మాటల్లో ఉడుము దూరిందంటే ఇంటికెళ్లాక గుర్తుండేది ఉడుమే. భవనం పోవడం కూడా ఆ శకునం ఖాతాలోకే పోతుంది.

చివర్లో ‘ఫొటో అంతకు ముందటిది’ అని ఉందే, అది నా పట్టుదల. ఇలాంటి లేబుల్‌కి మూడు తేదీలు కావాలి: కట్టింది, పోయింది, ఫొటో తీసింది. మొదటి రెండూ అందరూ వేస్తారు. మూడోది లేకపోతే తీసినవాడికి ఆ భవనం పోతుందని తెలుసో లేదో మనకి తెలీదు. పోతుందని తెలిసి తీసిన ఫొటోకి మనిషి నిలబడే తీరు వేరు, ఏదో పని మీద వచ్చి తీసినదాని తీరు వేరు.

ప్రతిచోటా ‘కూల్చారు’ నప్పదని రెండో వారంలో అర్థమైంది. హిమాయత్‌నగర్‌లో ఒక బంగ్లా ఫొటో ఉంది. గుండ్రటి వరండా, గేటు పక్కన నిమ్మచెట్టు. ఆ ఇంటి ఆడపడుచుని కలిశాను, డెబ్భై దాటిన మనిషి. డ్రాఫ్ట్ చదివి వినిపిస్తే ‘కూల్చారు’ దగ్గర చెయ్యి ఎత్తారు. ‘మేం కూల్చలేదమ్మా, అమ్మాం. అయిదుగురం. ఎవరి వాటా వాళ్లకి కావాలి. కూల్చింది బిల్డరు.’ అపార్ట్‌మెంటులో వాళ్లకీ ఒక ఫ్లాటు వచ్చింది, ఆవిడ ఉంటున్నదీ అందులోనే. నగరంలో ఇళ్లు ఎక్కువగా పోయేది ఇలాగే: వాటాలు, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, ఫ్లాట్లు. అక్కడ దుర్మార్గుణ్ణి వెతికితే దొరకడు. అందుకని ‘అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అయిదుగురు పంచుకోవడానికి అమ్మారు, కొన్నవాళ్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టారు’ అని రాశాం. నిమ్మచెట్టు సంగతి చేర్చమని ఆవిడ అడిగారు. ఫొటోలో కనబడుతూనే ఉంది కదండీ, అంటే, ‘కనబడుతుంది, కాయలు ఎవరెవరి ఇళ్లకి పంపేవాళ్లమో కనబడదు కదా’ అన్నారు. చేర్చాను.

ఇక ‘కూలింది’ అన్న మాట ఇరవైనాలుగులో ఒక్కదానికే వాడాను, వానల్లో పైకప్పు పడిపోయిన పాతబస్తీ దేవిడీకి. దానిక్కూడా ముందు ‘ఏళ్ల తరబడి రిపేరు లేక’ అని రాశాకే.