పెడుతున్నావా?

2019 అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం బీఎస్ఎన్ఎల్ పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. యాభై నిండిన పర్మనెంటు ఉద్యోగులు డిసెంబరు 3 లోగా వీఆర్ఎస్‌కి ఆప్షన్ ఇవ్వవచ్చన్నారు. నాకప్పుడు 54. 1987లో టెలికాం డిపార్ట్‌మెంటులో చేరి, 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక అందులోకి మారినవాణ్ణి. ఆ నవంబరంతా మా రాజమండ్రి ఎక్స్ఛేంజిలో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "పెడుతున్నావా?"

లెక్కల కంటే భయాలే ముందు నడిచాయి. రిటైర్మెంటు వయసు 58కి తగ్గిస్తారట, కంపెనీ మూతపడితే పెన్షనూ పోతుందట! ఈ రెండో మాట విని నేనూ రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. మా అకౌంట్స్ ఆఫీసరు గారు కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. "డిపార్ట్‌మెంటు నుంచి వచ్చినవాడివి నువ్వు. నీ పెన్షను రూల్ 37-ఏ కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది. కంపెనీ లాభాలతో దానికి ముడి లేదు. ఆ భయంతో మాత్రం సంతకం పెట్టకు" అన్నారు. భయం తీరాక గానీ లెక్క కళ్లకి ఆనలేదు.

ఎక్స్‌గ్రేషియా సూత్రం తేలికే. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకీ 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం. జీతమంటే మూలవేతనం, డీఏ మాత్రమే. నాకు అది సుమారు 80 వేలు అనుకుని లెక్కేశాం. 32 ఏళ్ల సర్వీసుకి 1,120 రోజులు, మిగిలిన ఆరేళ్లకి 150. మొత్తం 1,270 రోజుల జీతం, అంటే దాదాపు 33 లక్షల 87 వేలు. దాంతో పాటు నెలకి 40 వేల పెన్షను, ఆరేళ్లకి 28 లక్షల 80 వేలు. రెండూ కలిపితే 62 లక్షలు దాటుతుంది. ఉద్యోగంలో ఉంటే ఆ ఆరేళ్ల జీతం 57 లక్షల 60 వేలు. పని చేయకుండానే అయిదు లక్షలు ఎక్కువా అని అంతా ఆశ్చర్యపోయాం.

ఆఫీసరు గారు అక్కడితో కలం మూయలేదు. ఏటా మూడు శాతం ఇంక్రిమెంటు కలిపితే ఉద్యోగంలో వచ్చే జీతం కూడా 62 లక్షలకి చేరింది. ఎక్స్‌గ్రేషియాలో అయిదు లక్షల వరకే పన్ను మినహాయింపు, మిగతాదంతా పన్నుకి వస్తుంది. అసలు తేడా అరవై దాటాక కనబడింది. ఇప్పుడు వెళ్తే పెన్షను 40 వేల మీదే ఆగుతుంది, దానిపై డీఏ పెరుగుదల తప్ప. ఆగితే ఆరు ఇంక్రిమెంట్లతో దాదాపు 47,760 మీద మొదలవుతుంది. చివరి జీతం మీదే ఫ్యామిలీ పెన్షను కట్టేది కనుక, నా తర్వాత మా ఆవిడకి వచ్చేదీ ఆ మేరకు తగ్గుతుంది. కమ్యుటేషన్ అయితే ఎవరికైనా అరవై నిండాకే అన్నారు.

మా సెక్షన్లో 58 ఏళ్ల పెద్దాయన తనకి 35 లక్షలు వస్తుందని ఇంట్లో చెప్పేసుకున్నారు. ఉత్తర్వులో పరిమితి ఒకటుంది: ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలపు పెన్షను కలిపి, ఆ కాలపు జీతంలో 125 శాతం మించకూడదు. ఆయనకీ జీతం నాతో సమానమే, మిగిలింది రెండేళ్లు. జీతం 19 లక్షల 20 వేలు కనుక గరిష్ఠం 24 లక్షలు. అందులో పెన్షను 9 లక్షల 60 వేలు తీసేస్తే చేతికి వచ్చేది 14 లక్షల 40 వేలే. ఆ కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అయినా ఆప్షన్ పెట్టారు, మోకాళ్ల నొప్పులతో డ్యూటీకి రావడం కష్టమైపోయింది కనుక. ఆయన విషయంలో అదే సరైన నిర్ణయమని నా నమ్మకం.

నా పక్క సీటు మిత్రుడికి ఇంటి అప్పు ఉంది, కూతురి పెళ్లికి తెచ్చినదీ ఉంది. వడ్డీలు తీరితే చాలనుకుని అతనూ పెట్టాడు. నాకు అప్పు లేదు, ఒంట్లో ఓపిక ఉంది. మా ఆవిడని అడిగితే, "నెలనెలా వచ్చేది పెరుగుతుందంటే ఆగండి" అంది. ఆగాను.

దేశమంతటా 78 వేల మందికి పైగా ఆప్షన్ ఇచ్చారు. 2020 జనవరి 31న అంతా ఒకేసారి దిగిపోయారు. ఒక్కొక్కరికీ విడిగా సన్మానం చేసే వీలు లేక, మా దగ్గర హాల్లో వరసగా నిలబెట్టి దండలు వేశాం. ఫిబ్రవరి మొదటి పనిదినాన సగం కుర్చీలు ఖాళీ. ముగ్గురు చేసే పని ఒకరి మీద పడింది. ఆ బరువు మేం వేసుకున్న ఏ లెక్కలోనూ లేదు. ఉండిపోవాలనుకునేవాళ్లు దాన్ని కూడా లెక్కలో చేర్చుకోవాలి.

మీ కంపెనీ ఇలాంటి ఆఫరు ఇస్తే, చేతికి వచ్చే మొత్తాన్ని తర్వాత చూద్దురు గానీ, ముందు ఉత్తర్వులో పరిమితి ఎక్కడుందో వెతకండి. వెళ్తే ఎంత పెన్షను, ఆగితే ఎంత పెన్షను అన్నది అకౌంట్స్ వాళ్ల చేత కాగితం మీద రాయించుకుని, ఇంట్లోవాళ్లకి చూపించాకే సంతకం చేయండి.