ముదలియార్‌పేటలో ఉండేవాళ్లకే తిప్పలు

బర్మింగ్‌హామ్‌లో వలస వచ్చినవాళ్లకు ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొస్తే మా యానాం బంధువుల పిల్లలు రాసిన ఐఈఎల్‌టీఎస్ జవాబులు వాట్సాప్‌లో కాచుకుని ఉంటాయి. మా అన్నయ్య కూతురు పుదుచ్చేరిలో చదువుకుంటూ ముదలియార్‌పేటలో అద్దెగదిలో ఉంటోంది. అకడమిక్ పరీక్ష రైటింగులో మొదటి ప్రశ్నకు అప్పుడప్పుడూ పటాలు ఇస్తారు. చోటు ఒకటే, కాలాలు రెండు. ఇరవై నిమిషాల్లో, కనీసం 150 మాటల్లో, ఏం మారిందో చెప్పాలి. తనకు రోజూ కనిపించే చోటే కావాలని ఏఎఫ్‌టీ మిల్లు చుట్టుపక్కలను నా లెక్కన రెండు పటాలుగా గీసి పంపాను.

1990 పటంలో కడలూరు రోడ్డు, దానిమీద రైల్వే గేటు, నడుస్తున్న మిల్లు, పక్కన ఖాళీ మైదానం, రోడ్డు వెంట నాలుగు కొట్లు. 2024 పటంలో రోడ్డూ గేటూ అలాగే ఉన్నాయి. మిల్లు భవనం మీద ‘మూసివేత’ అని ఉంది, మైదానంలో తాత్కాలిక బస్టాండు వచ్చింది, కొట్లు పదయ్యాయి. కొట్ల లెక్క నా కల్పన, మిగతాది ఊళ్లో జరిగిందే.

అమ్మాయి జవాబు ఇలా మొదలైంది: ‘1898లో పెట్టిన ఈ మిల్లు నష్టాలతో 2020లో మూతపడింది.’ ఆ సంవత్సరాలు నిజమే. కానీ పటంలో 1898 లేదు, 2020 లేదు, నష్టాలసలే లేవు. పరీక్షకుడు ముందున్న కాగితంతో పోల్చి చూస్తాడు. అందులో లేని కారణం ఎంత నిజమైనా ప్రశ్నకు జవాబు కాదు, పైగా అసలు మార్పులకు దక్కాల్సిన చోటు తినేస్తుంది.

నేను దిద్దేటప్పుడు ముందు క్రియల కింద మాత్రమే గీతలు గీస్తాను. బస్టాండు గురించి ఆమె ‘హాజ్ బీన్ బిల్ట్’ అని రాసింది. ‘బస్సులు మొన్నటిదాకా మా సందు చివరే ఆగేవి కదా బాబాయ్, అది ఇప్పటి సంగతేగా?’ అంది. ఆమెకు ఇప్పటిదే, పటానికి కాదు. పటం మీద 2024 అని అచ్చు వేశాక అదీ గడిచిపోయిన సంవత్సరమే. రెండూ గడిచిన కాలాలైతే ‘వాజ్ బిల్ట్’ అనాలి, లేదా ‘బై 2024’ అని మొదలుపెట్టి ‘హాడ్ బీన్ బిల్ట్’ అనాలి. రెండో పటం మీద ‘ప్రస్తుతం’ అని ఉంటేనే ఆమె రాసింది ఒప్పు. అందుకే క్రియ రాసేముందు పటం పైనున్న తేదీ చూడమంటాను. మిల్లు గురించి ‘డిమాలిష్డ్’ అనడం మరో పొరపాటు. కూల్చింది ఏదీ లేదు, భవనం నిలిచే ఉంది, మారింది దాని వాడకం.

తర్వాత గుంపులు చూస్తాను. ఆమె పటం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చినట్టు మిల్లు, కొట్లు, గేటు, మైదానం అంటూ ఒక్కోదాన్నీ వరసపెట్టి చెప్పుకుపోయింది. ఇక్కడ నిజానికి ఉన్నవి రెండే గుంపులు. రోడ్డూ గేటూ మారలేదు, అదొకటి. పరిశ్రమ ఆగి, రవాణా, వ్యాపారం పెరిగాయి, అది రెండోది. మొదటి పేరాలోనే ఈ రెండు మాటలూ చెప్పేస్తే సమీక్ష కుదిరినట్టే. చాలామంది మారనిదాన్ని వదిలేస్తారు. అది లేకపోతే మారినది ఎంతో తెలియదు.

చివరిది పోలిక. ఒక పేరా మొత్తం 1990, ఇంకో పేరా మొత్తం 2024 రాస్తే పోల్చే పని చదివేవాడి నెత్తిన పడుతుంది. ఇది సరిచూసుకోవడం సులువు. రెండు కాలాలూ ఒకే వాక్యంలో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టాలి. ఆమె జవాబులో ఒక్కటీ లేదు. తిరగరాశాక వచ్చిన వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇదీ: ‘1990లో మిల్లు పక్కన ఖాళీగా ఉన్న మైదానం 2024 నాటికి తాత్కాలిక బస్టాండుగా మారింది, అదే కాలంలో రోడ్డు వెంట కొట్లు నాలుగు నుంచి పదికి పెరిగాయి.’ ‘క్రమంగా పెరిగాయి’ అని ఆమె చేర్చిన మాటను కొట్టేశాను. రెండు తేదీల మధ్య ఏం జరిగిందో పటం చూపించదు.

ఇప్పుడు ఆమెకు తెలియని ఊళ్ల పటాలే పంపుతున్నాను. వాటిలో కారణాలు రాయడం లేదు, కాలాలూ తప్పడం లేదు. అందుకే పరీక్షకు వారం ముందు మళ్లీ ముదలియార్‌పేట పటమే ఇస్తాను. తెలిసిన సంగతిని పక్కనపెట్టి కాగితం మీదున్నదే రాయగలిగితే, ఏ పటం వచ్చినా ఆమెకు బెంగ ఉండదు.