చంపావతి ఒడ్డున అయిదు వాక్యాలు

విజయనగరం నుంచి సాలూరు వైపు వెళ్లే దారిలో పాతిక కిలోమీటర్లు దాటితే గజపతినగరం. రాయగడ వెళ్లే ప్యాసింజర్ ఇక్కడ ఆగుతుంది. రోడ్డు మీద ఒడిశా వైపు లారీలు పోతుంటాయి. పడమట తూర్పు కనుమల కొండలు, ఊరి చేరువలో చంపావతి. వానాకాలంలో తప్ప ఈ ఏటిలో నీటికంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. పర్యాటకుల జాబితాల్లో పెద్దగా కనిపించని ఇలాంటి ఊరికి ఒంటరిగా వెళ్లొచ్చాక, ఫొటో కింద ఏం రాయాలి?

విశాఖలో ఉద్యోగం చేసే ఓ అమ్మాయి ఆదివారం ఒక్కతే రైలెక్కి వచ్చి, ఏటి ఒడ్డున కాసేపు కూర్చుని, ఫొటో తీసుకుందనుకుందాం. ఆమె మొదట రాసేది బహుశా ఇలా ఉంటుంది:

'ఎవరికీ తెలియని ఊరికి ఒక్కదాన్నే వచ్చేశా! మీలో ఎంతమందికి ఉంది ఈ ధైర్యం?'

ఎవరికీ తెలియని ఊరా? మండల కేంద్రం, శాసనసభ నియోజకవర్గం, రైల్వే స్టేషన్ ఉన్న ఊరు! అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఈ మాట చదివితే చిన్నబుచ్చుకోరూ? ఇక రెండో వాక్యం చదివేవాళ్లను పోటీకి పిలుస్తోంది. రెండూ కొట్టేయాల్సిందే.

రెండోసారి రాసేటప్పుడు గొంతు తగ్గుతుంది కానీ, బరువైన మాటలు వచ్చి చేరతాయి:

'జనసందోహానికి దూరంగా, చంపావతి ఒడిలో నన్ను నేను కలుసుకున్నాను.'

దీన్ని పరీక్షించడం తేలికే. 'చంపావతి' తీసేసి 'నాగావళి' అని పెట్టి చూడండి. వాక్యం ఏమాత్రం మారదు. అంటే అందులో ఊరు లేదు, రాసినవాళ్లే ఉన్నారు. పైగా లారీల హారన్లు వినిపించే చోటు జనానికి దూరమెలా అవుతుంది? ప్రశాంతంగా ఉన్నానని చెప్పుకోవడం కూడా ఒక్కోసారి గొప్ప చెప్పుకోవడమే.

అది గ్రహించగానే చాలామంది రెండో కొసకు జారిపోతారు: 'నేనేం పెద్ద యాత్రికురాలిని కాదు, ఊరికే అలా వెళ్లొచ్చానంతే.' వినయంలా కనిపించినా ఇది 'అబ్బే, మీరు చాలా గొప్పవారండీ' అనిపించుకోవడానికి వేసిన ఎర. ఇదీ పనికిరాదు.

చూసింది, విన్నది

ఇక్కడ ఏనుగుల వీరాస్వామయ్యను తలచుకోవాలి. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడాయన. ఒంటరిగా కాదు, పెద్ద పరివారంతో. తిరుగు ప్రయాణంలో ఉత్తరాంధ్ర మీదుగానే వెళ్లాడు. దారి ఎలా ఉంది, మకాం ఎక్కడ, నీళ్లూ సరుకులూ దొరుకుతాయా... ఇవన్నీ 'కాశీయాత్ర చరిత్ర'లో ఎక్కడికక్కడ రాసుకుంటూ పోయాడు. తర్వాత వచ్చేవాళ్లకు అక్కరకొచ్చే సంగతులవి.

మన అమ్మాయి నాలుగోసారి ఆ దారి పడుతుంది. చూసింది, విన్నది మాత్రమే రాస్తుంది:

'పొద్దున్నే గజపతినగరంలో దిగాను. చంపావతిలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. బట్టలు ఉతుకుతున్న ఒకావిడ, ఎవులింటికొచ్చినావమ్మా అని అడిగింది. ఎవరింటికీ కాదన్నాను. ఒంటరిగా వెళ్తేనే ఇలాంటి అనుభవాలు దొరుకుతాయి.'

ఇప్పుడు ఊరు వచ్చింది, ఊరి యాస వచ్చింది. ఆ ప్రశ్నలో ఓ లోకమే ఉంది. కొత్త మనిషి ఊళ్లోకి వచ్చిందంటే ఎవరో ఒకరింటికే అయ్యుంటుందని ఆవిడ నమ్మకం. చెడగొడుతున్నదల్లా చివరి వాక్యమే. అది పాఠం చెబుతోంది, తోడుతో వెళ్లేవాళ్లను తక్కువ చేస్తోంది. దాన్ని తీసేసి, నిజంగా మనసులో మెదిలింది రాస్తే అయిదో రాత:

'చంపావతిలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. బట్టలు ఉతుకుతున్న ఒకావిడ, ఎవులింటికొచ్చినావమ్మా అని అడిగింది. ఎవరింటికీ కాదని చెప్పడానికి కాస్త సమయం పట్టింది.'

అయిదే అయిదు సార్లు! 'ఒంటరి' అన్న మాటే లేదు, అయినా ఒంటరితనం తెలుస్తోంది. ఆశ్చర్యార్థకం లేదు. 'నేను' కూడా లేదు. మొదటి వాక్యం పోయినా నష్టం లేదు, ఊరి పేరు ఫొటో పైన ఎలాగూ ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఈ దిద్దుబాట్లన్నీ ఏటి ఒడ్డునే కూర్చుని చేయక్కర్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కడున్నారో అప్పటికప్పుడు లోకానికి చెప్పడం క్షేమం కాదు. ఇంటికి చేరాక, ఓ రాత్రి గడవనిచ్చి, మర్నాడు పైకి చదివి చూసుకుని పెట్టండి. ఆ బట్టలుతికే ఆవిడ ముఖం ఫొటోలో ఉంటే మాత్రం, ఆవిడను అక్కడే అడిగి రావాలి.