తాజా కబురు... నమ్మేదెలా?

2020 డిసెంబరు 5, శనివారం రాత్రి. ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతున్నారని తాడేపల్లిగూడెం నుంచి పిన్ని ఫోన్. తమ్ముడు ఏలూరులోనే ఉంటాడు.

కంగారుగా గూగుల్‌లో ‘ఏలూరు’ అని కొట్టాను. తివాచీలు, కొల్లేరు, ఊరి చరిత్ర! తెల్లారి అదే మాట కొడితే పైనంతా ఆసుపత్రి వార్తలే.

పేజీకి పరపతి ప్రధానంగా దానికి లింకు ఇచ్చే ఇతర పేజీల వల్ల వస్తుంది. చరిత్ర పేజీకి అది ఏళ్లుగా పోగుపడింది. పది నిమిషాల కిందటి వార్తకు లింకులెక్కడివి? అందుకే ఒక మాటను వెతికేవాళ్లు, దానిమీద రాసేవాళ్లు ఒక్కసారిగా పెరిగితే కొత్త పేజీలను పైకి తెస్తారు. గూగుల్ ఈ పద్ధతిని 2007లో బయటపెట్టింది. ఆ సందడి తగ్గితే చరిత్ర మళ్లీ పైకొస్తుంది.

కొత్త పేజీకి సొంత పరపతి లేదు కాబట్టి, రాసిన సైటుకున్న పేరే దానికి హామీ. అయితే ఆ హామీ సరిపోదు. మొదట తాగునీటిపై అనుమానాలు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఆపై నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. పేరున్న సైటులోనైనా సోమవారం కథనం ఆ మరుసటి వారానికి పాతబడింది. పాత వదంతినే తేదీ మార్చి పెడితే అదీ తాజాగానే కనిపిస్తుంది.

తమ్ముడు క్షేమమేనని తెలిశాక పిన్నికి ఒకటే చెప్పాను: ‘‘పైనుందని నమ్మకు. ఎప్పుడు రాశారో, ఎవరి పరీక్ష చూసి రాశారో చదువు.’’