‘లేదు’ వినపడాలంటే ఊపిరి మిగలాలి

తెలుగు వాక్యంలో అసలు మాట చివర్లో ఉంటుంది. ‘చేయండి’ అంటున్నామా, ‘చేయకండి’ అంటున్నామా అన్నది ఆఖరి మాట దగ్గరే తేలుతుంది. ఇంగ్లిష్‌లో ‘డోంట్’ అని ముందే చెప్పేస్తారు. మనం అంతా చెప్పుకొచ్చి చివర్లో ‘వద్దు’ అంటాం. కబుర్లు చెప్పుకునేటప్పుడు దీంతో ఏ ఇబ్బందీ లేదు. వాయిస్ ఓవర్ చదివేటప్పుడు మాత్రం ఉంది. పొడుగాటి వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, గొంతు దిగిపోతుంది. అలా మింగేసిన మాట ‘లేదు’ అయితే అర్థమే తిరగబడుతుంది.

మా కాలనీలో పెద్దవాళ్ల కోసం యూపీఐ మోసాల మీద ఒక నిమిషంన్నర వీడియో చేశాం. స్క్రిప్ట్ ఒక ఫ్రెండ్ రాశాడు. గొంతు మా పిన్నిది. తను గవర్నమెంట్ స్కూల్లో తెలుగు టీచర్. రికార్డింగ్, ఎడిటింగ్ నా వంతు. ఆ స్క్రిప్ట్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇదీ:

“మీకు డబ్బు రావడానికి మీ ఫోన్‌లో యూపీఐ పిన్ ఎంటర్ చేయాల్సిన అవసరం ఎట్టి పరిస్థితుల్లోనూ లేదు కాబట్టి ఎవరైనా ఫోన్ చేసి మీకు రీఫండ్ పంపుతున్నామని చెప్పి పిన్ కొట్టమంటే కొట్టకండి.”

కళ్లతో చదువుకుంటే బాగానే ఉంది. పిన్ని పైకి చదివింది. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ దాకా గట్టిగా వచ్చింది, ‘లేదు కాబట్టి’ గాల్లో కలిసిపోయింది. “ఊపిరి అందట్లేదురా, ఎక్కడ ఆగమంటావ్?” అంది. ఆ ప్రశ్నకి జవాబు పేపర్ మీదే ఉండాలి. మైక్ ముందు కూర్చున్న మనిషి అర్థం, ఉచ్చారణ చూసుకుంటుంది. ఎక్కడ ఆగాలో కూడా అప్పటికప్పుడు ఆలోచించుకోవాలంటే ఏదో ఒకటి జారిపోతుంది.

ముందు తన ఊపిరి ఎంతో తెలుసుకోవాలి. తెలుగులో దీనికి మాటలు లెక్కపెడితే లాభం లేదు. ‘పిన్’ ఒక మాటే, ‘పరిస్థితుల్లోనూ’ కూడా ఒక మాటే. అందుకే పొల్లులు వదిలేసి అక్షరాలు లెక్కపెట్టాను. పిన్ని ఏ గుర్తులూ లేకుండా ఒక పేజీ చదివితే ఫోన్‌లో రికార్డ్ చేసి, తనంతట తాను ఎక్కడెక్కడ గాలి పీల్చుకుందో చూశాను. పాతిక అక్షరాల దాకా హాయిగా వెళ్తోంది. ముప్పై దాటితే చివరి మాట పలచబడుతోంది. ఇది పిన్ని లెక్క. ఇంకొకరికి ఇరవయ్యే కావచ్చు. అందుకే ఒకరి కోసం గుర్తులు పెట్టిన స్క్రిప్ట్ ఇంకొకరికి అలాగే ఇచ్చేయకూడదు.

మేం వాడిన గుర్తులు నాలుగే. ఒక గీత ( / ) అంటే చిన్న ఆగుడు, గాలి పీల్చక్కర్లేదు. రెండు గీతలు ( // ) అంటే ఊపిరి తీసుకో. నొక్కి పలకాల్సిన మాట చుట్టూ గుండ్రం, ఇక్కడ దాన్ని బ్రాకెట్లలో చూపిస్తున్నా. రెండు మాటల్ని కలుపుతూ కింద చిన్న వంపు గీత ఉంటే, మధ్యలో అస్సలు ఆగకు అని. ఇంతకన్నా ఎక్కువ గుర్తులు పెడితే, చదివేవాళ్లు వాటినే చదువుతూ కూర్చుంటారు.

ఇక పై వాక్యం. మొత్తం 67 అక్షరాలు. గుర్తులు పెట్టడం చివరి నుంచి మొదలుపెట్టాను. ‘లేదు’ గట్టిగా రావాలి కాబట్టి, దానికి ముందు పాతిక అక్షరాల లోపు ఎక్కడో ఊపిరి దొరకాలి. వెనక్కి వస్తే ‘రావడానికి’ తర్వాత మంచి చోటు ఉంది. కానీ అక్కడి నుంచి ‘కాబట్టి’ దాకా 30 అక్షరాలు. ‘లేదు కాబట్టి’ని విడగొట్టి చదవడం కూడా కుదరదు. గుర్తు పెట్టడానికి చోటే దొరకలేదంటే వాక్యాన్నే కోయాలన్నమాట. ఫ్రెండ్‌ని అడిగి ‘కాబట్టి’, ‘మీ ఫోన్‌లో’ తీసేశాం. ఒక్క వాక్యం రెండయింది:

మీకు డబ్బు [రావడానికి] //
యూపీఐ పిన్ ఎంటర్ చేయాల్సిన అవసరం / ఎట్టి పరిస్థితుల్లోనూ [లేదు]. //
ఎవరైనా ఫోన్ చేసి / మీకు రీఫండ్ పంపుతున్నామని చెప్పి //
పిన్ కొట్టమంటే / [కొట్టకండి]. //

ఇప్పుడు రెండో లైన్ 24 అక్షరాలు. ఒక ఊపిరికి ఒక లైన్ అని రాస్తే ఇంకో లాభం ఉంది. ఎంత దూరం వెళ్లాలో కంటికి ముందే తెలుస్తుంది కాబట్టి, అంత గాలి ముందే తీసుకుంటారు. చివరి లైన్లో చిన్న గీత లేకపోతే ‘కొట్టమంటే కొట్టకండి’ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. ఆ అర క్షణం ఆగితేనే రెండో మాట హెచ్చరికలా వినిపిస్తుంది.

తెలుగులో ఊపిరికి మంచి చోట్లు చాలావరకు కామా లేని చోటే ఉంటాయి. ‘చేసి’, ‘చెప్పి’ లాంటి మాటల తర్వాత, ‘అయితే’, ‘వచ్చినప్పుడు’, ‘అని’ తర్వాత ఆగొచ్చు. ‘వచ్చిన మెసేజ్’ మధ్యలో, ‘అయిదు వేలు’ మధ్యలో ఆగకూడదు. అయితే ‘-సి’, ‘-డి’ వచ్చిన ప్రతిచోటా గీత గీసేయకూడదు. స్క్రిప్ట్‌లో ‘కంగారుపడి లింక్ నొక్కకండి’ అని ఒక వాక్యం ఉంది. ‘కంగారుపడి’ తర్వాత ఆగి చూడండి. కంగారు పడండి, లింక్ మాత్రం నొక్కకండి అన్నట్టు ఉంటుంది! అక్కడ వంపు గీత పెట్టి మొత్తం ఒకే ఊపులో చదివించాను.

నొక్కి పలకడానికి ఊపిరికి ఒక మాట చాలు. పిన్ని మొదట ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ని క్లాసులో చెప్పినట్టు ఒత్తి పలికింది. వినడానికి గంభీరంగా ఉంది, కానీ బలమంతా అక్కడే అయిపోయి ‘లేదు’ మళ్లీ చిన్నబోయింది. గుండ్రం అక్కణ్నుంచి తీసి ‘లేదు’కి పెడితే సరిపోయింది. నొక్కడం అంటే అరవడం కాదు. ఆ మాటని కొంచెం నిదానంగా, పూర్తిగా పలకడం.

నంబర్ల సంగతి వేరు. సైబర్ మోసాలకి ఫోన్ చేయాల్సిన హెల్ప్‌లైన్ 1930. చూసి చదివితే ‘వెయ్యిన్ని తొమ్మిది వందల ముప్పై’ అని వచ్చేస్తుంది. అందుకే అంకెలు తీసేసి ‘ఒకటి తొమ్మిది / మూడు సున్నా //’ అని రాసి, కింద ఇంకోసారి అదే లైన్ పెట్టాం. మొదటిసారి విని ఫోన్ అందుకుంటారు, రెండోసారి విని నొక్కుతారు. మధ్యలో ఒక్క సెకను ఖాళీ వదిలాం.

పని కుదిరిందో లేదో చూడ్డానికి మొత్తం వినక్కర్లేదు. ప్రతి వాక్యంలో చివరి రెండు సెకన్లే వినాలి. ఆడాసిటీలో తెరిస్తే కళ్లకి కూడా కనిపిస్తుంది. ఊపిరి చాలిన వాక్యంలో అల చివరి మాట దాకా లావుగా ఉంటుంది, చాలనిదాంట్లో తోకలా సన్నబడిపోతుంది. తర్వాత హెడ్‌ఫోన్స్ పక్కనపెట్టి, ఫ్యాన్ వేసి, ఫోన్ స్పీకర్‌లో సగం సౌండ్‌తో వినాలి. మా పెద్దవాళ్లు వినేది అలాగే. ఆ హోరులో కూడా ‘లేదు’, ‘కొట్టకండి’ స్పష్టంగా వినిపించిన టేక్‌నే ఉంచాం. పిన్ని గొంతు ఇంకా తియ్యగా ఉన్న టేక్ ఒకటుంది. అందులో ‘లేదు’ సరిగా వినపడట్లేదని దాన్ని పక్కనపెట్టేశాం.